అన్నిట్లో ఒకటెక్కువ

కువైట్ సబ్హాన్‌లో మా గోడౌనుకు ఎవరైనా ఫోన్ చేసి, నమస్కారం గిమస్కారం ఏమీ లేకుండా "అన్నా, రాసుకో" అన్నాడంటే అది పెంచలే. నేను సామాను తెప్పించేవాణ్ణి, అతను సామాను వాడేవాడు. మా ఇద్దరి మధ్య బంధుత్వం అంతా సిమెంటు బస్తాల మీద కట్టిందే.

పెంచల్‌ది చిట్వేలి పక్క పల్లె. కువైట్‌కి వచ్చినప్పుడు తట్టలు మోసినాడు, తర్వాత తాపీ పట్టినాడు, ఇప్పుడు మా చిన్న కంపెనీలో ఫోర్‌మన్. ఇళ్లలో వంటగది మార్చడం, గది పెంచడం, దివానియాకు, అంటే మగవాళ్లు కూర్చునే బయటి హాలుకు, కొత్త నేల వేయడం లాంటి పనులు మావి. చేతిపని చూస్తే వంక పెట్టలేం. గోడకు మట్టం కట్టి చూస్తే మట్టమే సిగ్గుపడాల. మనిషికి ఉండే జబ్బల్లా ఒక్కటే. ఏది కావాలన్నా లెక్క కట్టి, దాన్ని పైకి నిండు సంఖ్య చేసి, ఆ పైన ఇంకొకటి కలుపుతాడు.

లెక్కను పైకి నిండు చేయడంలో తప్పు లేదు. నాలుగుంపావు బస్తాల సిమెంటు కావాలంటే ఏ షాపువాడూ ఐదో బస్తాను కోసి పావు తూచి ఇవ్వడు. ఐదు తెచ్చుకోవాల్సిందే. షీటూ అంతే, టైల్స్ పెట్టే అంతే, ఇసుక లోడూ అంతే. పెంచల్ మాత్రం ఐదు దగ్గర ఆగడు. "ఆరు రాయన్నా, ఒకటి చేతిలో ఉండనీ" అంటాడు.

దీనికి కారణం ఉంది. కోడూరులో చిన్నప్పుడు ఎవరిదో నీళ్లతొట్టి కడుతుంటే, సగం పోత పోసినాక పెంచల్ లెక్క కట్టి తెచ్చిన సిమెంటు చాల్లేదంట. అంగడి మూసేసినారు. మిగతా సగం మర్నాడు పోసినారు. ఆ అతుకు దగ్గర తొట్టి కారడం మొదలుపెట్టింది. తొట్టి యజమాని ఎక్కడ ఎదురైనా "ఏం పెంచలయ్యా, తొట్టి ఇంకా ఏడుస్తాంది" అనేవాడంట. పెళ్లిళ్లలోనూ అదే మాట, తిరునాళ్లలోనూ అదే మాట. అప్పటినుంచి పెంచల్‌కు తక్కువ పడటమంటే పామును తొక్కినంత భయం.

ఇసుక విషయంలో మాత్రం ఆ జబ్బు కుదిరింది. అది కుదిర్చిన ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఒక దివానియా ముందర పని. ఒక్క లోడులో మూడోవంతు ఇసుక చాలు. లోడును ముక్క చేసి ఎవరూ తేరు కాబట్టి ఒక లోడు చెప్పాల. మనవాడు అలవాటుగా ఇంకొకటి కలిపి రెండు చెప్పినాడు. సులైబియా నుంచి హాఫ్ లారీ రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ దివానియా వాకిట్లోనే కుమ్మరించి పోయింది. ఆ సాయంత్రం తెల్ల దిష్‌దాషాలు వేసుకొని వచ్చిన పెద్దమనుషులు ఇసుకదిబ్బ చుట్టూ తిరిగి లోపలికి పోవాల్సి వచ్చింది. ఒక ముసలాయన జోడు దిబ్బలో కూరుకుపోతే పెంచలే తవ్వి తీసి, దులిపి, రెండు చేతులతో అందించినాడు. మా ముదీర్, అంటే మేనేజరు, అది చూసినాడు. ఆ తర్వాత గోడౌన్ వాకిట్లో నిలబడి అందరికీ వినపడేట్టు ఒకే ఒక మాట అన్నాడు. ఇకమీదట మిగులు సామాను వెనక్కి మోయడానికి కంపెనీ బండి రాదు, ఖలాస్.

అప్పుడు వచ్చింది జాబర్ అల్ అలీలో ఉమ్ నాసర్ గారింటి పని.

ఇంటి పక్క ఖాళీలో, అంటే వాళ్ల మాటలో హోష్‌లో, బయటి వంటగది. చేపలు వేయించేది, పెద్ద గిన్నెల్లో మచ్‌బూస్ అన్నం వండేది అక్కడే. గోడలు లేచినాయి, కప్పు పడింది. లోపలి గోడలకు గిలాబా పూత, కింద టైల్స్, పైన పచ్చ జిప్సం బోర్డు, రంగు అన్నీ మావి. సామాను ఖర్చు ఇంటివాళ్లది, కొని తెచ్చేది మేము.

ఆ ఇంట్లో వంటమనిషి సంజీవమ్మ. పుల్లంపేట ఆడమనిషి. ఉమ్ నాసర్ గారి పిల్లలను ఎత్తుకొని పెంచింది, ఇప్పుడు ఆ పిల్లల పిల్లలకు అన్నం తినిపిస్తాంది. ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో మామాకు, అంటే యజమానురాలు ఉమ్ నాసర్‌కు, తెలీదు, సంజీవమ్మకే తెలుసు. పెంచల్ అడుగు పెట్టి నోరు తెరవగానే యాస పట్టేసింది.

"ఏ ఊరప్పా?"

"చిట్వేలి పక్కనక్కా."

"అయితే అరిస్తే వినపడేంత దూరమే. కూర్చో, టీ తెస్తా. చక్కెర ఎంత?"

"రెండు స్పూన్లక్కా. ఇంకొకటి ఎక్కువేసినా ఏం కాదు."

సంజీవమ్మ గది హోష్ చివర ఉంది. తలుపు తీస్తే ఒక మంచం, ఒక బీరువా, గోడకు దేవుడి పటం. నేల గచ్చు పొరలు పొరలుగా లేచిపోతోంది. ఊడిస్తే చెత్తకంటే నేలే ఎక్కువ వస్తుంది. ఒక పక్క గోడకు కింద చెమ్మ. పైకప్పుకు బీటలు, ఫ్యాను తిరిగినప్పుడల్లా సున్నం పిండిలా రాలి నిద్రలో నోట్లో పడుతుంది. కంప్లెయింటు చేసే మనిషి కాదు ఆమె. కానీ వంటగదికి ఇంత మర్యాద జరుగుతుంటే ఆశ పుట్టదా?

కొలతలు తీసుకుంటున్న రోజు ఆమే మామాను అడిగింది. ఉమ్ నాసర్ గది లోపలికి తల పెట్టి చూసి, పైనుంచి రాలిన పిండి భుజం మీద నుంచి దులుపుకొని, తీర్పు చెప్పేసింది. "కంట్రాక్టర్ల పనిలో ఎప్పుడూ ఏదో ఒకటి మిగులుతుంది. మిగిలిందంతా సంజీవాకే. ఆమె గది కూడా చెయ్యండి. కానీ నా వంటగది ముందు."

పెంచల్ ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అక్కా, నువ్వు నిశ్చింతగా ఉండు. మిగలడం విషయంలో ఈ కువైట్ మొత్తంలో నా అంత మొనగాడు లేడు."

ఇది నిజమే కాబట్టి పక్కనున్న నేను కాదనలేకపోయినాను.

మర్నాడు ఫోన్. "అన్నా, రాసుకో."

వంటగది ఐదు మీటర్లకు నాలుగు. ఆ రోజు లెక్క ఇట్లా ఉంది. నరకడానికీ విరగడానికీ పదోవంతు కలుపుకొని టైల్స్ పదిహేనుంపావు పెట్టెలు. టైల్స్ అంటించే గమ్ము ఐదుంపావు బస్తాలు. గిలాబాకు సిమెంటు ఐదు బస్తాలు, పైన ఒక పిసరు. రంగు ముప్పాతిక డ్రమ్ము. బోర్డు దగ్గర నేనే తప్పులో కాలేసినాను. కప్పు వైశాల్యాన్ని ఒక షీటు వైశాల్యంతో భాగించి "ఏడు చాలు గదా" అన్నాను.

"వైశాల్యం లెక్క పాయసానికి సరిపోతాదన్నా, బోర్డుకు సరిపోదు," అన్నాడు పెంచల్. "అంచుల్లో జానెడు జానెడు సందులు మిగుల్తాయి. వాటికి ముక్కలు కోయాల. ఏడు కోసినా ఒక సన్న ముక్క తక్కువొస్తాది. ఆ ముక్క కోసం ఎనిమిదో షీటు కావాల్సిందే."

సరే ఎనిమిది. మిగతావి నిండు చేస్తే టైల్స్ పదహారు, గమ్ము ఆరు, సిమెంటు ఆరు, రంగు ఒకటి. ఇసుక ఒక లోడు. "ఇప్పుడు?" అన్నాను, తెలిసే.

"ఇప్పుడేముంది, అన్నిట్లో ఒకటెక్కువ. ఇసుకలో వద్దు," అన్నాడు గబగబా. "అక్క గది ఉంది గదన్నా."

పదిహేడు, ఏడు, ఏడు, తొమ్మిది, రెండు. రాసుకున్నాను. అక్క గది కొలతలు ఏమిటని అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇద్దరికీ అది అడగాల్సిన సంగతి అని తోచనే లేదు. అన్నిట్లో ఒకటెక్కువ ఉంటే ఇంక గది కాకుండా ఎక్కడికి పోతుంది?

వంటగది అద్దంలా వచ్చింది. ఉమ్ నాసర్ వచ్చి, చెప్పులు విడిచి, టైల్స్ మీద అటూ ఇటూ నడిచి, కుళాయి తిప్పి, గోడ మీద చెయ్యి రాసి, వేలికి తెలుపు అంటలేదని చూసుకొని "జైన్, జైన్" అని మెచ్చుకుంది. తర్వాత హోష్‌లోకి వచ్చి చేతులు దులుపుకొని "యల్లా, సంజీవా గది" అంది.

పెంచల్ మిగులునంతా వరసగా పేర్చినాడు, పెండ్లికి సారె పేర్చినట్టు. సంజీవమ్మ కొంగు నడుముకు చుట్టుకొని వచ్చి నిలబడింది. నేను ఆ రోజు బిల్లులకు సంతకం కోసం పోయి ఈ వేడుకలో చిక్కుకున్నాను.

"ఇవేనా నా గదికి?" అంది ఆమె.

"ఇవే అక్కా. చూడు, రంగే ఒక నిండు డ్రమ్ము, సీలు కూడా తీయలేదు. ఆ పక్క పావు డ్రమ్ము."

"నా గదికి ఎంత కావాల?"

పెంచల్ టేపు తీసి గదిలోకి పోయినాడు. వంటగది పని సాగినన్నాళ్లూ తాను "అయిపోతాది" అంటూ వచ్చిన గదిని మొదటిసారి కొలిచినాడు. రెండున్నర మీటర్లకు కొంచెం తక్కువ ఒక పక్క, రెండున్నర ఇంకో పక్క. బయటికి వచ్చినాడు. ముఖం మారింది. టైల్స్ పెట్టె మీద కూర్చున్నాడు. లేచినాడు. కింద ఉన్నది టైల్స్ అని గుర్తొచ్చి, పెట్టె తెరిచి లెక్కపెట్టినాడు.

తెరిచిన పెట్టెలో మూడు పలకలు. తెరవని పెట్టెలో నాలుగు. మొత్తం ఏడు. గదికి కావాల్సినవి నాలుగున్నర పెట్టెల పైమాటే.

"ఏడు పలకలు యాడికి సరిపోతాయి తమ్ముడా?" అంది సంజీవమ్మ.

పెంచల్ గొంతు సవరించుకున్నాడు. "మంచం కిందికి సరిపోతాయక్కా."

"ఓహో."

"ఇంకా చెప్పులిడిసే చోటికి ఒకటి మిగల్తాది."

సంజీవమ్మ గదివంక చూసింది. "బాగుంది నాయనా. మంచం కింద రాజుగారి మేడ, మనిషి నడిచే చోట మన్ను. చీమలకు గృహప్రవేశం చేయించి పిలుస్తా, భోజనానికి రా."

గమ్ము చూస్తే గదికి సరిగ్గా సరిపోతుంది, పైన కాస్త మిగులుతుంది. సిమెంటు చూస్తే చెమ్మగోడకు ముప్పాతిక బస్తా చాలు, ఇక్కడ రెండు బస్తాలకు కొంచెం తక్కువ ఉంది. బోర్డు ఒక నిండు షీటు, ఒకటి జానెడు కోసిన షీటు. రెండూ కలిపి పెట్టినా కప్పుకు ఒక అడుగు వెడల్పు తక్కువ. ఆకాశం చూడటానికి అడుగు చాలు. రంగేమో గదికి మూడోవంతు డ్రమ్ము కావాలంటే డ్రమ్ముంపావు ఉంది. ఇట్లాంటి గదులు నాలుగింటికి రంగు, అరగదికి టైల్స్.

"అన్నిట్లో ఒకటి ఎక్కువేసినా గదక్కా," అన్నాడు పెంచల్, ఎందుకిట్లా అయిందో నిజంగానే అర్థం గాక.

సంజీవమ్మకు నవ్వొచ్చింది. నవ్వాపుకుంటూనే అడిగింది. "తమ్ముడా, ఈ ఇంట్లో పదిమందికి వండుతాండా. ఇంకొక మనిషి వొస్తాడని తెలిసింది. అన్నిట్లో ఒగ గ్లాసు ఎక్కువేస్తే అయిపోతాదా? బియ్యం ఒగ గ్లాసు, పప్పు ఒగ గ్లాసు, నూనె ఒగ గ్లాసు, ఉప్పు ఒగ గ్లాసు?"

పెంచల్ చేతిలోని టేపును మళ్లీ చుట్టడం మొదలుపెట్టినాడు.

"ఉప్పు గ్లాసు తిన్నోడు లేసి మళ్లీ ఈ ఇంటికి రాడు," అన్నాను నేను, ఏదో ఒకటి అనాలి కదా అని.

పెంచల్ ఆ మాటను నోట్లో వేసుకొని నమిలినట్టు నిలబడినాడు. తర్వాత ఖాళీ టైల్స్ పెట్టె మూత చించి, చెవిలో ఉన్న పెన్సిల్ తీసి, నేల మీద గొంతుక్కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఎదురుగా సంజీవమ్మ నడుము మీద చేతులు పెట్టుకొని, మేష్టరుగారిలా.

"రెండు గదులూ కలిపి ఒకే పని అనుకొని ఉంటే," అన్నాడు నెమ్మదిగా, "టైల్స్ పదిహేనుంపావు, నాలుగున్నర పైన. కలిపితే ఇరవైకి రవ్వంత తక్కువ. ఇరవై పెట్టెలు. వంటగదిని వేరేగా నిండు చేసి, గదిని వేరేగా నిండు చేసి ఉంటే పదహారూ ఐదూ ఇరవై ఒకటి అయ్యేది. అదీ తప్పే. ముందు కలపాల, తర్వాత నిండు చేయాల."

"గమ్ము?"

"ఐదుంపావు, ఒకటిన్నర. ఏడు. అది మాత్రం సరిగ్గా చెప్పినా."

"గుడ్డి దెబ్బ," అంది సంజీవమ్మ.

"సిమెంటు ఐదు పిసరు, ముప్పాతిక. ఆరుకే సరిపోయేది. అక్క గోడకు సిమెంటు కొనే పనే లేదన్నా, వంటగది ఆరో బస్తాలో మిగిలిందే చాలు! బోర్డు పది. ఎనిమిదోది ఎట్లా అయినా కోసేదే గదా, దాంట్లోనే గదికి కావాల్సిన సన్న పట్టీ వొస్తాది. రంగు..." అని ఆగినాడు. "రంగు ఒక డ్రమ్ముకు ఒక గుక్కెడు ఎక్కువ."

నేను మూత అందుకొని చూసినాను. ఇరవై, ఏడు, ఆరు, పది, ఒకటి. మన దగ్గరున్నది పదిహేడు, ఏడు, ఏడు, తొమ్మిది, రెండు. ఒకచోట తక్కువ, ఒకచోట ఎక్కువ. తక్కువైనవి మూడు పెట్టెల టైల్స్, ఒక బోర్డు. ఎక్కువైనవి సీలు తీయని రంగు డ్రమ్ము, మూతి విప్పని సిమెంటు బస్తా.

ఇద్దరం ఒకేసారి తలెత్తి ఒకరినొకరు చూసుకున్నాం.

"షాపువాడు తీసుకుంటాడా?" అన్నాడు పెంచల్.

"సీలున్నవి తీసుకుంటాడు. రంగులో పొడి కలపలేదు గదా, వట్టి తెలుపే గదా?"

"వట్టి తెలుపే."

"అయితే మార్పిడి చేద్దాం. కానీ కంపెనీ బండి రాదు. ముదీర్ మాట విన్నావు గదా."

ఉమ్ నాసర్ అంతసేపూ వంటగది గడపలో కుర్చీ వేసుకొని ఖహ్వా కాఫీ తాగుతూ మా ముగ్గురినీ చూస్తోంది. భాష అర్థం గాకపోయినా తమాషా అర్థమైనట్టుంది. సంజీవమ్మ పోయి, చేతులు తిప్పుతూ, ఉప్పు గ్లాసుతో సహా అంతా వివరించింది. ఉప్పు దగ్గర మామా ఖహ్వా పొలమారింది. కళ్లు తుడుచుకొని, మార్చి తెచ్చుకోమంది, తన డ్రైవరును ఇంటి పికప్ తియ్యమంది. "ఇతన్ని నా వంటగదిలో ఉప్పు డబ్బా ముట్టుకోనివ్వకు" అని కూడా అంది.

పికప్‌లో ముందు డ్రైవరు, మధ్యలో నేను, కిటికీ పక్క పెంచల్. వెనుక డ్రమ్మూ బస్తా. దారంతా పెంచల్ మాట్లాడలేదు. పెంచల్ మాట్లాడకుండా ఉండగలడని నాకు అప్పుడే తెలిసింది. సబ్హాన్ మలుపు దగ్గర మాత్రం గొణుక్కున్నాడు. "ఇన్నేండ్లూ ఒకటెక్కువ, ఒకటెక్కువ అని... రంగు డ్రమ్మూ ఒకటే, టైల్స్ పెట్టే ఒకటే అనుకున్నా గదన్నా. డ్రమ్ము ఒకటంటే ఇల్లు. పెట్టె ఒకటంటే చాపంత."

షాపులో హైదరాబాదు అతను ఉన్నాడు. పెంచల్‌ని చూడగానే రసీదు పుస్తకం తెరిచి "ఇంకొకటి కావాల్నా భాయ్?" అన్నాడు. అలవాటు.

"లేదు భాయ్, ఇంకొకటి వాపసు," అన్నాడు పెంచల్.

అతను పెన్ను కింద పెట్టి, "ఒంట్లో బాగుందా?" అని అడిగినాడు.

డ్రమ్ము సీలు చూసినాడు, బస్తాను తట్టి చూసినాడు. గడ్డ కట్టలేదు. అభ్యంతరం లేదు. బోర్డు ఇచ్చినాడు. టైల్స్ దగ్గర చిక్కొచ్చింది. అదే రకం ఉంది, అదే కొలత ఉంది, పెట్టె మీద నంబరు మాత్రం వేరే. బట్టీ మారితే రంగు రవ్వంత మారుతుంది. నమూనాకని వెంట తెచ్చిన మన పలకను పక్కన పెట్టి చూసినాం. కొత్తది కొంచెం గోధుమ వైపు. విడిగా చూస్తే తెలీదు, పక్కపక్కన పెడితే కవల పిల్లల్లో ఒకరు ఎండలో తిరిగొచ్చినట్టుంది.

పెంచల్ ముఖం మళ్లీ పడిపోయింది. "రెండు రంగుల నేల వేస్తే అక్క నన్ను బతకనీదు."

"పాతవి ఏడున్నాయి గదా," అన్నాను. "అవి యాడికి సరిపోతాయన్నావు?"

పెంచల్ పెద్దగా నవ్వినాడు. "మంచం కిందికి!"

మరుసటి రోజు నుంచి గది పని. చెమ్మగోడ చెక్కి గిలాబా పూసినారు. నేల చదును చేసి టైల్స్ అంటించినారు, మంచం పడే చోట పాతవి, మిగతా చోట కొత్తవి. బోర్డులు రెండు నిండువి పక్కపక్కన బిగించి, అంచున ఎనిమిదో షీటు లోంచి కోసిన సన్న పట్టీ వేసినారు. ఈ సారి పెంచల్ ప్రతి ముక్కకూ ముందే గీత గీసి కోసినాడు. ఇంకొకటి లేదు గదా మరి. కోసేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడు.

రంగు దగ్గరికి వచ్చేసరికి అందరం ఎదురుచూస్తున్న గుక్కెడు వచ్చింది. కప్పు అయింది, మూడు గోడలకు రెండు చేతులూ, అంటే రెండు పూతలూ, అయినాయి, నాలుగో గోడకు రెండో చేయి వేస్తుంటే బీరువా పెట్టే చోటికి వచ్చేసరికి డ్రమ్ము అడుగు కనిపించింది. పెంచల్ బ్రష్షుతో డ్రమ్ము గోడలు గీకినాడు. రోలరు పిండినాడు. బీరువా అంత మేర ఒక్క చేయితోనే ఉండిపోయింది.

నాకు ఫోన్. "అన్నా, రాసుకో... ఒక చిన్న గ్యాలన్..." అని మధ్యలోనే ఆగినాడు. అవతల సంజీవమ్మ గొంతు. "ఎందుకప్పా గ్యాలను? ఆ గుక్కెడు కోసం మళ్లీ నాలుగు లీటర్లు తెచ్చి, మూడు మిగిల్చి, ఆ మూడు పెట్టుకోను ఇంకో గది అడగమంటావా? బీరువా ఎనక ఎవురు చూస్తారు? నేను చూడను, బీరువా చూస్తాది. దానికి ఒగ చెయ్యి చాలు."

"అక్కా, తక్కువ పెట్టి పోయినానంటే..."

"పోతే ఏమైతాది? గోడ ఏడుస్తాదా?"

చిట్వేలి, పుల్లంపేట దూరం నిజంగానే తక్కువ. తొట్టి ముచ్చట ఆమెకు ఎవరో చెప్పినట్టున్నారు. ఆ ఎవరో నేనే అయ్యుండొచ్చు, టీ తాగుతూ మాటల్లో.

పెంచల్ జీవితంలో మొదటిసారి లెక్కను కిందికి నిండు చేసినాడు. ఒక డ్రమ్ము, పైన గుక్కెడు, అంటే ఒక డ్రమ్మే. బీరువాను తనే తోసి గోడకు ఆనించినాడు, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు.

శుక్రవారం ఉమ్ నాసర్ చూడ్డానికి వచ్చింది. బిల్లు ముగించడానికి నేనూ వచ్చినాను. మామా గడప దగ్గర చెప్పులు విడిచింది. సంజీవమ్మ గదిలోకి చెప్పులు విడిచి రావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది. తల పైకెత్తి కప్పు చూసింది. భుజం మీద చెయ్యి పెట్టుకొని చూసుకుంది, ఏమీ రాలలేదు. సంతోషపడింది. అంతటితో లేచి పోతే ఏ గొడవా లేదు. కానీ సంతోషపడిన యజమానురాలు ఊరకే పోదు, ఏదో ఒకటి బాగుచేసి పోతుంది.

"సంజీవా, ఆ బీరువా కిటికీని ఆనుకొని ఉంది. ఈ పక్కకు జరుపు, గాలి వస్తుంది."

"లా మామా, బీరువా అక్కడే బాగుంది," అంది సంజీవమ్మ.

"గాలి రాదు."

"నాకు గాలి పడదు మామా."

పెంచల్ నేలవంక చూస్తున్నాడు, టైల్స్ ఎన్ని ఉన్నాయో ఇప్పుడే లెక్కపెట్టాలన్నట్టు. మామా మా ముగ్గురి ముఖాలూ వరసగా చూసింది. పిల్లలను పెంచిన మనిషికి దాచిపెట్టిన ముఖం కొత్తా? డ్రైవరును కేకేసి బీరువా జరిపించింది.

గోడ మీద బీరువా ఆకారంలో ఒక నలుచదరం. చుట్టూ పాలమీగడలా నిండు తెలుపు, అక్కడ మాత్రం మజ్జిగలా పలుచన.

"మామా, అది..." అని పెంచల్ మొదలుపెట్టి, అరబిక్ చాలక, హిందీ చాలక, తెలుగులో ముగించినాడు. "ఒక గుక్కెడు తక్కువైందమ్మా. తప్పు నాదే."

సంజీవమ్మ అరబిక్‌లోకి మార్చింది. ఏమని మార్చిందో నాకు సగమే తెలిసింది. "ఇతను ఎప్పుడూ ఎక్కువ తెచ్చే మనిషి మామా, నేనే వద్దన్నా" అన్నట్టుంది.

ఉమ్ నాసర్ గోడ దగ్గరికి పోయి, పక్కకు వంగి, వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూసింది. పెంచల్ చెమట తుడుచుకున్నాడు.

"ఇది బాగుంది," అంది చివరికి. "కంటికి చల్లగా ఉంది. నా వంటగదిలో గోడ మరీ మెరుస్తోంది. అక్కడ ఇట్లా ఎందుకు వేయలేదు?"

పెంచల్ చేయి చెవి దగ్గరి పెన్సిల్ వైపు పోయింది. ఉన్న రంగును గోడ మీద నుంచి ఎట్లా తీసి తగ్గించాలో అతని ఏ లెక్కలోనూ లేదు. నేను బిల్లు ముందుకు జరిపినాను. సంతకం అయింది.

మరో వారానికి ఏదో పని మీద అటు పోతే సంజీవమ్మ టీ ఇచ్చింది. తలుపు తెరిచే ఉంది. మంచం గోడకు నిలబెట్టి ఉంది, నేల మీద చాప పరిచి ఉంది. మంచం కింది పాత పలకలు ఏడూ బయటపడి, మిగతా నేలకంటే రవ్వంత తెల్లగా కనిపిస్తున్నాయి.

"ఏమక్కా, మంచం విరిగిందా?"

"విరగడమెందుకప్పా? అది వేసుకొని పండుకుంటే నేల కనపడకుండా పోతాంది," అంది, కొంగుతో ఆ తెల్ల పలకల మీద లేని దుమ్ము తుడుస్తూ.